పదకొండూ అయిదు దాకా

ఆ వీధిలో ఆమెను అందరూ టేపమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు దుకాణం అద్దె కాగితంలో ఉందిగానీ, ఆ కాగితం ఎక్కడుందో ఆమెకే తెలియదు. పొద్దున లేచి మొహం కడుక్కోగానే మెడలో కొలతల టేపు పడేది, రాత్రి పడుకునేముందు దిగేది. రెండు కుట్టు మిషన్లు పట్టేంత గది, గోడకి వేలాడే సగం చొక్కాలు, నేలంతా దారప్పోగులు, మిషను పక్కన బొత్తాల డబ్బా, ఆ డబ్బాకి ఆనించి నిలబెట్టిన ఫోను. ఇదీ ఆమె రాజ్యం. ప్యాంటు కింద మడత వేయాలన్నా, బిగుతైన గౌను వదులు చేయాలన్నా, చిరిగిన జేబు చిరిగినట్టు తెలియకుండా చేయాలన్నా ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా.

చేయి ఎంత స్థిరమో మనసు అంత పిరికి. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడేది. ఎవరైనా గడప దాటితే చాలు, ఎప్పుడొస్తారు, ఏ దారిన వస్తారు, ఆలస్యమైతే ఫోను చేస్తారా లేదా అని ప్రశ్నల వర్షం. "నువ్వు దర్జీవి కావాల్సింది కాదే, పోలీసువి కావాల్సింది" అని బస్సు నడిపే అన్నయ్య ఎగతాళి చేసేవాడు. నవ్వేవాళ్ళకేం, ఎన్నైనా నవ్వుతారు. పదకొండేళ్ళ క్రితం ఆమె భర్త "ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని బయటికెళ్ళి, బస్టాపులో గుండె పట్టుకుని కూలిపోయాడు. జేబులో చీటీ లేదు, చేతిలో ఫోను లేదు. గంటసేపు ఆయన ఎవరో ఎవరికీ తెలియలేదు. ఆ గంటలో ఆమె మిషను దగ్గర కూర్చుని పాట పాడుకుంటూ దుప్పటికి అంచు కుడుతోంది. మనిషి పోయిన బాధ కాలంతోపాటు కాస్త మెత్తబడిందిగానీ, ఆ పాట పాడిన సంగతి మాత్రం ఆమెని వదల్లేదు.

భర్త పోయాక అన్నయ్య, వదిన వచ్చి తీసుకెళ్ళి తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. వదిన ఒక ల్యాబులో పనిచేసేది. పొద్దున్నే స్కూటరెక్కి ఇళ్ళకి వెళ్ళి, పరీక్షల కోసం జనం చేతుల్లోంచి రక్తం తీసి, చల్లని పెట్టెలో పెట్టుకుని మధ్యాహ్నంలోగా ల్యాబుకి చేర్చాలి. "ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఇద్దరి చేతుల్లోనూ సూదులే, నేను నోరెత్తితే ఒట్టు" అని అన్నయ్య అందరితో చెప్పుకునేవాడు. వదిన టేపమ్మ కంటే రెండేళ్ళే పెద్ద. ఒకే కంచంలో తినేంత స్నేహం, అంతలోనే అలక, మళ్ళీ అంతలోనే నవ్వు.

ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళకి వదిన ఒంటరిగా వెళ్తుంటే టేపమ్మ ప్రాణం కుదుటపడేది కాదు. ఫోనులో లైవ్ లొకేషన్ పంపొచ్చని ఎవరో చెప్పగానే వదిన వెంటపడి సాధించింది. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు అడిగితే, ఏ మాత్రం ఆలోచించకుండా ఎనిమిది గంటలు నొక్కించింది. ఇక చూడాలి! బొత్తాల డబ్బా పక్కన ఫోను తెరలో వదిన బొమ్మ వీధులెంట పాకుతుంటే, టేపమ్మ కుట్టు తప్పి కుట్టడం, విప్పడం. బొమ్మ ఎక్కడైనా ఏడు నిమిషాలు ఆగిందా, ఫోను మోగేది.

"ఆ మూల మీద ఎందుకాగావు వదినా?"

"మూత్రానికి! చాలా? ఊరంతటికీ వినపడేలా చెప్పనా?"

నాలుగో రోజు వదిన ఇంటికొచ్చి హెల్మెట్ బల్ల మీద దబ్బున పెట్టింది. "నేను నీకు టీవీ సీరియల్‌నా అమ్మాయ్? ఒకరి చేతిలో సూది గుచ్చి ఉండగా జేబులో ఫోను గీపెడుతుంటే నా చేయి వణకదా? మధ్యాహ్నానికి బ్యాటరీ కూడా చచ్చి ఊరుకుంటోంది. నీ భయం నాకు తెలుసు. కానీ నీ భయాన్ని రోజంతా నేను మోయలేను" అంది.

టేపమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ల్యాబు పంపే ఇళ్ళకి అవసరం లేదు, ఆ చిరునామాలు ల్యాబులోనే రాసి ఉంటాయి. ఎవరైనా నేరుగా వదినకే ఫోను చేసి పిలిస్తే, అదీ కొత్త ఇల్లయితే, ఆ ఇంటి గేటు ముందు నిలబడి టేపమ్మ ఒక్కదానికే గంటసేపు లొకేషన్ పంపాలి. పని ముగించి బయటికి రాగానే గంట నిండకపోయినా వదిన ఆపేయాలి. ఆపిందంటే క్షేమంగా బయటపడిందన్నమాట. ఇంక ఫోను చేసి చెప్పక్కర్లేదు. ఆపకుండా గంట నిండిపోయిందో, అప్పుడు టేపమ్మ ఫోను చేయాలి, ఎత్తకపోతే బయల్దేరాలి. గంటలోపు మాత్రం ఫోను చేయకూడదు. ఒట్టేసి చెప్పింది టేపమ్మ. మామూలుగా ఇరవై నిమిషాలకో, ముప్పై నిమిషాలకో వదిన ఆపేసేది. రెండేళ్ళపాటు ఆ ఒప్పందం చక్కగా సాగింది.

ఆ రోజు పది గంటల అయిదు నిమిషాలకి ఫోను టింగుమంది. వదిన పంపిన పటం కింద "పదకొండూ అయిదు వరకు" అని ఉంది. ఇరవై నిమిషాలయ్యాక టేపమ్మ ఒకసారి తెరిచి చూసింది. చూడకూడదని ఒప్పందంలో లేదుగా. వదిన బొమ్మ ఒక వంకర సందులో కదలకుండా నిలబడి ఉంది. ఆ సందు వంపు చూసి టేపమ్మకి నవ్వొచ్చింది. అచ్చం చొక్కా చంక కత్తిరించినట్టే ఉంది. భుజం కుట్టు వచ్చి కలిసే చోట వదిన. "నా కళ్ళకి లోకమంతా గుడ్డే" అనుకుని పనిలో పడింది.

పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువుండగా మళ్ళీ చూసింది. ఇంకా అక్కడే. ఎవరి రక్తం తీయడానికైనా ఇంతసేపెందుకు? ఫోను చేద్దామని వేలు పెట్టి, ఒట్టు గుర్తొచ్చి తీసేసింది. ఇంకా పది నిమిషాలు గడువుంది.

సరిగ్గా అప్పుడే బ్యాంకులో పనిచేసే ఆవిడ ప్యాంటు పట్టుకుని దిగింది. నడుము దగ్గర వదులైందని ఒకసారి, కాదు బిగుతైందని ఒకసారి, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి టేపమ్మకి చుక్కలు చూపించింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మడతలు గుర్తు పెట్టి, ఆవిడని సాగనంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఫోను తెరిచింది. "లైవ్ లొకేషన్ ముగిసింది."

"హమ్మయ్య" అంది పైకే. ఫోను మళ్ళీ డబ్బాకి ఆనించింది. మిషను తొక్కింది. పాట కూడా పాడిందేమో, తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా ఆమెకి తేలలేదు. పాడి ఉంటుందనే భయం.

పదకొండూ యాభైకి ల్యాబు కుర్రాడు ఫోను చేశాడు. "అక్కా, మీ వదినగారు ఇంటికొచ్చారా? శాంపిళ్ళు ఇంకా రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తట్లేదు. ఇంతాలస్యం ఆవిడెప్పుడూ చేయరు."

"వచ్చేస్తుంది బాబూ, ఎప్పుడో బయటికొచ్చేసిందిగా, లొకేషన్ ఆపేసి..."

ఎప్పుడాపింది? పదకొండుకి అయిదు తక్కువకి చూసినప్పుడు నడుస్తూనే ఉంది. ముగిసిందని చూసినప్పుడు గడియారం చూసిందా? గోడ మీద గడియారం ఉంది, తనకి కళ్ళున్నాయి, అయినా చూడలేదు. బ్యాంకావిడ ఎంతసేపుంది? ఇరవై నిమిషాలకి తక్కువుండదు. అంటే పదకొండూ అయిదు దాటే ఉంటుంది. వదిన ఆపినా తెర మీద ఆ మాటే వస్తుంది. ఎవరూ ఆపకుండా గడువు నిండినా ఆ మాటే వస్తుంది. ముగిసినప్పుడు టింగుమని మోగదు కూడా. రెండేళ్ళుగా వదిన ముందే ఆపేస్తుంటే చూసి చూసి, ముగిసిందంటే వదిన ఆపినట్టేనని ఆమె మనసు రాసేసుకుంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. వదిన నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. స్విచ్ ఆఫ్ అని వచ్చినా బాగుండేది, బ్యాటరీ అయిపోయిందని సర్దిచెప్పుకునేది. మోగుతూ ఎత్తకపోవడం ఆమె భరించలేకపోయింది.

"బాబూ, ఏ ఇంటికెళ్ళిందో రాసుందా?"

"మా లిస్టులో అందరివీ తీసేశారక్కా. ఎవరో డైరెక్టుగా పిలిచారట, అక్కడికెళ్ళి వస్తానన్నారు. చిరునామా మాకు తెలీదు."

టేపమ్మ చాట్ తెరిచింది. కదిలే బొమ్మ లేదు. పంపడం మొదలుపెట్టిన చోటు మాత్రం చిన్న పటంగా మిగిలి ఉంది. పెద్దది చేసి చూస్తే పెట్రోలు బంకు! గేటు ముందు నొక్కాలని ఒప్పందమైతే, వదిన బంకులోనే నొక్కేసింది. అక్కణ్ణుంచి ఏ సందులోకి వెళ్ళిందో ఆ పటం చెప్పదు. "ఎంత పని చేశావు వదినా" అని ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వెంటనే, ఆ మాట అనడానికి తనకి నోరెక్కడుందని సిగ్గేసింది.

పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆయన ఆ ఏడుపు విని పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? ఎవరికేమైంది?"

"వదిన కనపడట్లేదు. బంకు దగ్గర, ఏదో సందు..." అంటూనే టేపమ్మ ఆగిపోయింది. సందు. చంక వంపు. బల్ల మీదున్న లైనింగ్ గుడ్డ లాగి, సుద్దముక్క తీసుకుని గీసింది. కళ్ళు మూసుకుంటే పటం కనపడింది. ఇలా తిన్నగా వచ్చి, ఇక్కడ లోపలికి తవ్వినట్టు తిరిగి, పైకి లేస్తుంది. పై కొసన వదిన.

ఫోనులో బంకు చుట్టుపక్కల పటం తెరిచి వెతికింది. వంకర సందులు రెండున్నాయి. ఇస్త్రీ ఆయన తల వంచి చూసి, "రెండూ ఒకేలా ఉన్నాయిగా" అన్నాడు.

"లేవు. ఇది చొక్కా వెనక భాగం చంక, లోతు తక్కువ. ఇది ముందు భాగం, లోతుగా తవ్వాలి. నేను చూసింది ముందుది." జీవితంలో వేల చంకలు కత్తిరించిన గొంతు అది, ఎదురాడడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి మోపెడ్ తీశాడు.

ఆయన బండి నడిపే తీరు వీధిలో పెద్ద వేళాకోళం. సైకిళ్ళు దాటిపోతాయి. ఆ రోజు మాత్రం టేపమ్మ వెనక కూర్చుని ఆయన చొక్కా పట్టుకుని "ఇంకాస్త, ఇంకాస్త" అంటుంటే, పచ్చ దీపం ఎర్రబడేలోపు దూకించాడు. దారిపొడుగునా ఆమె నంబరు నొక్కుతూనే ఉంది. ప్రతిసారీ మోగి మోగి ఆగేది. దేవుడా, ఈసారి పాట పాడలేదని చెప్పు, అదొక్కటి చెప్పు అని లోపల్లోపల గొణుక్కుంది.

సందు మొదట్లో రోడ్డు తవ్వేసి ఉంది. దిగి నడిచారు. వంపు తిరగగానే గోడ పక్కన వదిన స్కూటరు కనపడింది. దాని సీటు మీద మిగిలిన గుడ్డముక్కలతో టేపమ్మ కుట్టిన తొడుగు ఉంది, పొరపడే వీల్లేదు. అక్కడే గోడ పట్టుకుంది. ఎదురుగా రెండంతస్తుల ఇల్లు. కింద షట్టర్లు దించేసిన దుకాణాలు. పైనెక్కడో టీవీ చెవులు పగిలేలా మోగుతోంది.

"ఏ ఇల్లో ఎలా తెలుస్తుంది?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

టేపమ్మ మళ్ళీ నంబరు నొక్కి, ఫోను చెవికి పెట్టుకోకుండా గాలిలో పట్టుకుని నిలబడింది. టీవీ గోల కింద, ఇంటి వెనక నుంచి సన్నగా వదిన ఫోను మోత వినిపించింది.

వెనక మెట్ల కింద నేల మీద పగిలిన తెరతో ఫోను మోగుతూ పడి ఉంది. రెయిలింగు లేని మెట్లు. తల ఎత్తి చూస్తే మొదటి మలుపులో వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడికాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. చల్లని పెట్టె మాత్రం ఒళ్ళో భద్రంగా ఉంది.

"వచ్చావా" అంది వదిన. గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. "పై ఇంట్లో ముసలావిడకి చెవుడు, ఆ టీవీ ఒకటి. ఫోను పోతేపోయిందిలే, గంట నిండగానే మా అమ్మాయి వస్తుంది అనుకుంటూ కూర్చున్నా."

టేపమ్మ మెట్ల మీద కూలబడి వదిన తల గుండెకి హత్తుకుంది. అంబులెన్సుకి ఇస్త్రీ ఆయనే ఫోను చేశాడు.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ అయింది. అన్నయ్య డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి, చెల్లెలి తల మీద చేయి వేసి, "నీ పోలీసు బుద్ధే కాపాడిందే దాన్ని" అన్నాడు. వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా ఆడపడుచంటే ఇలా ఉండాలన్నారు. ఆ మెచ్చుకోళ్ళు టేపమ్మకి ఒక్కొక్కటీ సూదిలా దిగాయి. కూర్చున్న చోట కూర్చోలేక, లేచి మంచినీళ్ళు పట్టుకొచ్చేది, తాగేవాళ్ళు లేకపోయినా.

మూడో రోజు అన్నయ్య మందులకి వెళ్ళినప్పుడు వదిన కళ్ళు తెరిచి అడిగింది. "అమ్మాయ్, పడ్డప్పుడు పదీ నలభై. వాచీ చూసుకుంటూనే ఉన్నా. నీ నంబరుకి పెట్టిన మోత వేరు కదా, అదెన్నిసార్లు మోగిందో లెక్కపెట్టా. పద్నాలుగు. కానీ మొదటిది మోగింది పదకొండూ యాభై తర్వాత. గంట నిండింది పదకొండూ అయిదుకి కదా? ఈ మధ్యలో ఆ మోత వినపడకపోతే, ఫోను చేసే తీరిక లేక పరిగెత్తుకొస్తోందనుకున్నా. దారిలో ఏమైనా అయిందా నీకు?"

అబద్ధం నాలుక చివరే ఉంది. బంకు పటం వల్ల దారి దొరకలేదని చెప్పొచ్చు, వదిన నమ్మేస్తుంది, తప్పు వదినదే అవుతుంది. టేపమ్మ మెడలో టేపు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"రాలేదు వదినా. అప్పటికి బయల్దేరనే లేదు. ముగిసింది అని ఉంటే నువ్వే ఆపావనుకున్నా. టైము చూసుకోలేదు. నువ్వక్కడ నాకోసం చూస్తుంటే నేను హమ్మయ్య అనుకుని మిషను తొక్కుతున్నా."

వదిన మొహం గోడవైపు తిప్పుకుంది. టేపమ్మ అడుగు కదపకుండా నిలబడింది. లెంపకాయ కొట్టినా బాగుండునని అనిపించింది.

"నలభై అయిదు నిమిషాలు" అంది వదిన చివరికి, గోడతోనే. "అందులో ప్రతి నిమిషం, ఇప్పుడు వంపు తిరిగుంటుంది, ఇప్పుడు గేటు తీస్తుంది అనుకున్నా. నువ్వు బయల్దేరనే లేదని తెలిసుంటే భయంతోనే చచ్చేదాన్ని. తెలియలేదు కాబట్టి ధైర్యంగా ఉన్నా." ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "కోపంగా ఉంది నాకు. రెండు రోజులు ఉంటుంది. ఉండనీ. బంకు దగ్గర నొక్కినందుకు నా మీద నీకూ ఉండాలి, అదీ ఉండనీ. ఆ నీళ్ళిటివ్వు."

నాలుగు నెలలకి వదిన మళ్ళీ స్కూటరెక్కింది. మొదటి వారమంతా ల్యాబు ఇళ్ళే. రెండోవారం ఒక ఉదయం, తొమ్మిదీ ఇరవైకి టేపమ్మ ఫోను టింగుమంది. పటంలో బొమ్మ ఒక ఇంటి గేటు ముందు ఉంది. కింద "పదీ ఇరవై వరకు" అని ఉంది. టేపమ్మ సుద్దముక్కతో మిషను బల్ల మీద తొమ్మిదీ ఇరవై అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. కుట్టు నాలుగంగుళాలు నడిస్తే ఒకసారి గోడ గడియారం చూసింది. ఒట్టు గుర్తుంది, ఫోను చేయలేదు. చేతులు మాత్రం చెమటలు పట్టి, గుడ్డకి తడి అంటింది.

తొమ్మిదీ నలభై ఎనిమిదికి తెరిచి చూస్తే, "లైవ్ లొకేషన్ ముగిసింది."

గడియారం చూసింది. బల్ల మీద అంకె చూసింది. గంట నిండలేదు, ఇంకా ముప్పై రెండు నిమిషాలుంది. లెక్క సరిగ్గానే ఉంది. అయినా గుండె దాని మాట వినలేదు. వదిన పడిపోతే, ఎవరో ఫోను లాక్కుని ఆపేస్తే? పగిలిన తెర మీద వేలు తగిలి ఆగిపోతే? లేచి నిలబడింది. గుమ్మం దాకా వచ్చింది.

చేతిలో ఫోను టింగుమంది. ఆ పటం కిందే వదిన మాట రెండు ముక్కల్లో ఉంది.

"ఆపింది నేనే."